రెండో తల ఎక్కడి నుంచి వచ్చింది?

సముద్రపు ఒడ్డున నిలబడిన ముసలి జాలరి, భుజం మీద వల, పొద్దుటి ఎండ, తల నుంచి పాదాల దాకా మనిషి పూర్తిగా కనపడాలి. స్టేబుల్ డిఫ్యూజన్ 1.5 అనే బొమ్మల మోడల్‌కి ఇంతవరకూ చెప్పి, వెడల్పు 1024 పిక్సెళ్ళు, ఎత్తు 1536 పిక్సెళ్ళు అని పెట్టి బటన్ నొక్కితే ఏమొస్తుంది? ఒడ్డు వస్తుంది, ఎండ వస్తుంది, వల కూడా వస్తుంది. జాలరి నడుము దగ్గర మాత్రం ఇంకో మొండెం మొదలవుతుంది. లేదా తల మీద ఇంకో తల మొలుస్తుంది. మళ్ళీ నొక్కితే ఒకే పంచె, ఒకే గడ్డంతో ఇద్దరు జాలర్లు పక్కపక్కన నిలబడి ఉంటారు. అడిగింది ఒక్కణ్ణే.

కొలతలు 512, 768కి తగ్గించి అవే మాటలు ఇస్తే చాలాసార్లు ఒక్కడే జాలరి, ఒక్క తలతో, సరిగ్గా నిలబడతాడు. అయితే బొమ్మ చిన్నది. దగ్గరికి తెచ్చి చూస్తే కళ్ళు చెదిరిపోయి ఉంటాయి, వల కళ్ళు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. పెద్దగా అడిగితే మనిషి చెడిపోతాడు, చిన్నగా అడిగితే మొహం చెడిపోతుంది. ఈ ఇరకాటం నుంచి బయటపడటానికి వాడుకలోకి వచ్చిన పద్ధతే హైరెస్ ఫిక్స్. ముందు చిన్న బొమ్మ వేయించి, దాన్ని సాగదీసి, మీద కొద్దిగా నాయిజ్ చల్లి, ఆ నాయిజ్‌ని మళ్ళీ మోడల్ చేతే తీయించడం. వినడానికి ఇంతే. ఆ ‘కొద్దిగా’ ఎంత అన్నదాని మీదే ఫలితమంతా ఆధారపడి ఉంటుంది.

రెండో తల ఎందుకొస్తుందో ముందు చూద్దాం. 2022లో వచ్చిన స్టేబుల్ డిఫ్యూజన్ తొలి తరం మోడళ్ళు 512 పిక్సెళ్ళ చదరపు బొమ్మల మీద శిక్షణ పొందాయి. పైగా ఇవి నేరుగా పిక్సెళ్ళతో పనిచేయవు. ఎనిమిది పిక్సెళ్ళ వెడల్పు, ఎనిమిది పిక్సెళ్ళ ఎత్తు ఉన్న ముక్కను ఒక్క గడిగా కుదించి, ఆ గళ్ళ మీదే బొమ్మ కడతాయి. దీన్ని లేటెంట్ అంటారు. 512 పిక్సెళ్ళ బొమ్మ అంటే మోడల్ లోపల 64 అడ్డం, 64 నిలువు గళ్ళ పలక. మనిషంటే ఎంత ఉండాలి, తల ఎక్కడుండాలి, నేల ఎక్కడ మొదలవ్వాలి అన్నదంతా అది ఆ పలక కొలతలోనే నేర్చుకుంది.

1024, 1536 అడిగామంటే దానికి 128 అడ్డం, 192 నిలువు గళ్ళ పలకను ఇచ్చినట్టు. అది ఎన్నడూ చూడని విస్తీర్ణం. మొదట పలకంతా నాయిజే, అంటే ఏ రూపమూ లేని రంగుల చుక్కలు. అడుగడుగునా ఆ నాయిజ్‌ని కొంచెం కొంచెంగా తీసేస్తూ మోడల్ బొమ్మను బయటికి తెస్తుంది. మొదటి అడుగుల్లో ఎక్కడ ఏముండాలో తేలుతుంది. అప్పుడు పెద్ద పలకలో పైభాగం తనకు అలవాటైన సైజులో ఒక పూర్తి బొమ్మలా కనిపిస్తుంది, కింది భాగమూ అలాగే కనిపిస్తుంది. రెండు చోట్లా జాలరి మొదలవుతాడు. తర్వాతి అడుగులు ఆ రెంటినీ చర్మంతో, బట్టతో అతికించి నున్నగా చేస్తాయి. రెండో తల చివర్లో పుట్టిన పొరపాటు కాదు, మొదట్లోనే కుదిరిపోయిన నిర్ణయం. అందుకే అడుగులు 20 నుంచి 60కి పెంచినా అది పోదు. ఎక్కువ అడుగులు వేస్తే ఆ రెండో తలకే ఇంకాస్త చక్కటి జుట్టు వస్తుంది.

చిన్న బొమ్మలో మొహం ఎందుకు చెడుతుందో కూడా ఆ గళ్ళే చెబుతాయి. 768 పిక్సెళ్ళ ఎత్తులో జాలరి 600 పిక్సెళ్ళు ఉన్నాడనుకుందాం. మనిషి ఎత్తులో తల ఏడెనిమిదో వంతు. అంటే దాదాపు 80 పిక్సెళ్ళు, మోడల్ లెక్కలో పది గళ్ళు. అందులో ఒక కన్నుకి దక్కేది ఒకటో రెండో గళ్ళు. ఆ రెండు గళ్ళలో రెప్ప, కనుపాప, ముడతలు అన్నీ ఇమడాలి. ఇమడవు. బొమ్మను రెండింతలు చేసి మళ్ళీ మోడల్ చేతికిస్తే అదే తలకి ఇరవై గళ్ళు దొరుకుతాయి. కన్ను కన్నులా గీయడానికి చోటు వస్తుంది.

ఈ రెండు సంగతులూ కలిపి చూస్తే పని ఎలా పంచాలో అర్థమవుతుంది. ఎక్కడ ఏముండాలో చిన్న పలక మీద తేలాలి, అది ఎలా ఉండాలో పెద్ద పలక మీద తేలాలి. సినిమా హోర్డింగులు చేత్తో గీసిన రోజుల్లో పెయింటర్లు చేసింది దాదాపు ఇదే. చేతిలోని చిన్న ఫోటో మీద గళ్ళు గీసుకుని, అవే గళ్ళు పెద్ద గుడ్డ మీద పెద్దవిగా గీసి, హీరో ముక్కు ఏ గడిలో పడాలో ముందే ఖాయం చేసుకునేవారు. రంగులు, నీడలు, మీసంలో వెంట్రుకలు పెద్ద గుడ్డ మీదే దిద్దేవారు.

ఈ పద్ధతికి హైరెస్ ఫిక్స్ అన్న పేరు ఆటోమేటిక్1111 అనే ప్రోగ్రామ్ వల్ల స్థిరపడింది. సొంత కంప్యూటర్లో స్టేబుల్ డిఫ్యూజన్ నడిపేవారిలో చాలామంది మొదట వాడింది దీన్నే. అందులో Hires. fix అన్న పెట్టెలో టిక్ పెడితే నాలుగు ముఖ్యమైన మీటలు తెరుచుకుంటాయి. ఎన్నింతలు పెంచాలి, ఏ పద్ధతితో పెంచాలి, రెండో విడతలో ఎన్ని అడుగులు వేయాలి, Denoising strength ఎంత.

జాలరి బొమ్మనే మొదటి నుంచి చేసుకుంటూ వెళ్దాం.

ముందు హైరెస్ ఫిక్స్ ఆపి ఉంచాలి. కొలతలు 512, 768. అడుగులు 25. సీడ్ దగ్గర -1 పెడితే ప్రతిసారీ కొత్త నాయిజ్‌తో కొత్త బొమ్మ వస్తుంది. ఇలా ఎనిమిదో పదో బొమ్మలు వేయించాలి. చిన్న బొమ్మలు కాబట్టి త్వరగా వచ్చేస్తాయి. ఈ దశలో మొహం వైపు చూడకూడదు. జాలరి నిలబడ్డ తీరు బాగుందా, వల భుజం మీదే ఉందా, పాదాలు ఇసుకను తాకుతున్నాయా, చేతులు రెండే ఉన్నాయా అన్నవే చూడాలి. కళ్ళు చెదిరి ఉన్నందుకు మంచి బొమ్మను పారేయడం కొత్తవాళ్ళకి ఉండే అలవాటు. కళ్ళు తర్వాత బాగుపడతాయి, నిలబడ్డ తీరు తర్వాత మారదు.

నచ్చిన బొమ్మ కింద ఉన్న సీడ్ అంకెను తీసుకుని సీడ్ పెట్టెలో ఉంచాలి. మిగతావేవీ మార్చకుండా ఇప్పుడు హైరెస్ ఫిక్స్ టిక్ పెట్టాలి. సీడ్, ప్రాంప్టు, కొలతలు అవే కాబట్టి మొదటి విడతలో అదే చిన్న బొమ్మ మళ్ళీ తయారవుతుంది. ఆ వెంటనే రెండో విడత మొదలవుతుంది. పూర్తయ్యాక బొమ్మ కింద ఇలాంటి వరస కనిపిస్తుంది:

```
Steps: 25, Sampler: DPM++ 2M Karras, CFG scale: 7,
Seed: 20417, Size: 512x768, Denoising strength: 0.4,
Hires upscale: 2, Hires steps: 15,
Hires upscaler: R-ESRGAN 4x+
```

ఇందులో తరచూ అపార్థం చేసుకునే అంకె 0.4. ‘నలభై శాతం మార్పు’ అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇది దారిలో ఎక్కడి నుంచి మళ్ళీ బయల్దేరాలో చెప్పే అంకె. పూర్తి నాయిజ్ నుంచి పూర్తి బొమ్మ దాకా ఉన్న దారి మొత్తాన్ని 1 అనుకుంటే, 0.4 అంటే చివరి నలభై శాతం దారి మాత్రమే నడవడం. సాగదీసిన బొమ్మ మీద ఆ చోటికి తగినంత నాయిజ్ కలిపి, అక్కడి నుంచి మోడల్‌ని వదులుతారు. 15 అడుగులు అంటే ఆ చివరి ముక్కని 15 అడుగుల్లో నడవమని. తల ఒకటా రెండా అన్నది తేలే మొదటి అరవై శాతం దారిలో రెండో విడత అడుగే పెట్టదు. దాంతో పెద్ద పలక మీద కూడా జాలరి ఒక్కడుగానే మిగులుతాడు. ఇప్పటికే ఉన్న బొమ్మకు నాయిజ్ కలిపి మళ్ళీ తీయించే ఈ ఆలోచనను 2021లో ఎస్‌డీఎడిట్ అనే పరిశోధనా పత్రం వివరించింది. హైరెస్ ఫిక్స్ దాన్నే సాగదీసిన బొమ్మకు వాడుకుంటుంది.

0.4 దగ్గర కలిపే నాయిజ్ తక్కువేమీ కాదు. ఆ స్థితిలో బొమ్మను తెర మీద పెడితే ఇసుక తుఫాను వెనక నిలబడ్డ మనిషిలా మసకగా కనిపిస్తుంది. అయినా జాలరి చెక్కుచెదరడు. ఎందుకంటే పెద్ద ఆకారాలు వందలాది గళ్ళ మీద పరుచుకుని ఉంటాయి. ఒక్కో గడిలో నాయిజ్ ఒక్కో వైపు లాగినా అన్నీ కలిసేసరికి ఆ లాగుడు సరితూగి, భుజం గీత, దిగంతం గీత నిలబడతాయి. ఒకటి రెండు గళ్ళలో ఉండే కనురెప్ప, వల దారం మాత్రం నాయిజ్‌లో మునిగిపోతాయి. మునిగిన వాటినే మోడల్ కొత్తగా గీస్తుంది. ఏది ఉండాలి, ఏది కొత్తగా రావాలి అన్న విభజన ఎవరూ చేయకుండానే నాయిజ్ దానంతట అదే చేసి పెడుతోంది. ఈ పద్ధతిలో నిజంగా అందమైన సంగతి ఇదే.

ఇక అంకెను పైకీ కిందికీ జరిపి చూద్దాం. 0.1, 0.2 దగ్గర దాదాపు ఏమీ జరగదు. సాగదీసిన బొమ్మే వస్తుంది. చర్మం ప్లాస్టిక్ పూత వేసినట్టు నున్నగా, కళ్ళు పాత చెదురుతోనే ఉంటాయి. 0.3 నుంచి 0.5 మధ్య కనుపాపలు, గడ్డంలో వెంట్రుకలు, వల ముడులు తేలతాయి. 0.6 దాటాక జాలరి మొహమే మారడం మొదలవుతుంది. వయసు పదేళ్ళు అటో ఇటో జరుగుతుంది, పంచె గళ్ళ లుంగీ అవుతుంది. 0.7 పైన అసలు జబ్బు తిరిగొస్తుంది. మేఘంలో ఒక మొహం, వల మడతలో ఒక చెయ్యి, దూరంగా ఇంకో చిన్న జాలరి. ఆటోమేటిక్1111లో ఈ మీట మొదట్లో 0.7 దగ్గరే ఉంటుంది. దాన్ని తాకకుండా బటన్ నొక్కి, ఈ పద్ధతి పనికిరాదని వదిలేసినవాళ్ళు తక్కువమంది కాదు.

ఈ హద్దులు రాతిమీద గీతలు కావు. శాంప్లర్ మారితే ఇవీ జరుగుతాయి. కర్రాస్ అన్న పేరున్న షెడ్యూల్ అడుగుల్లో ఎక్కువ భాగాన్ని నాయిజ్ తక్కువున్న చివరి దశకే కేటాయిస్తుంది. అందువల్ల దానిలో 0.4 అంటే కలిసే నాయిజ్, మామూలు షెడ్యూల్‌లో 0.4కి కలిసే నాయిజ్ కన్నా తక్కువ. ఒకరి సెట్టింగులు ఇంకొకరి దగ్గర అచ్చంగా పనిచేయకపోవడానికి ఇదొక కారణం.

ఎలా సాగదీశాం అన్నదీ ముఖ్యమే. Latent అన్న పేరుతో మొదలయ్యే ఎంపికలు బొమ్మను పిక్సెళ్ళలోకి తీసుకురాకుండా, లోపలి గళ్ళనే అటూ ఇటూ సాగదీస్తాయి. ఆ గళ్ళలో ఉన్నవి రంగులు కావు, కుదించిన సమాచారం. రెండు గళ్ళ మధ్య సగటు తీస్తే అది సరైన బొమ్మ ముక్క అవ్వాలని లేదు. అందుకే ఈ దారిలో 0.4 పెడితే బొమ్మంతా పొగమంచు కప్పినట్టు వస్తుంది. ఆ మసక పోవాలంటే 0.55 దాకా, ఒక్కోసారి ఇంకా పైకి వెళ్ళాలి. అంత దూరం వెళ్తే జాలరి పోలికలు మారతాయి. రెండో దారిలో చిన్న బొమ్మను ముందు పిక్సెళ్ళలోకి తెచ్చి, ఆర్-ఈఎస్‌ఆర్‌గాన్ లాంటి ఇంకో చిన్న మోడల్‌తో పెద్దది చేసి, మళ్ళీ గళ్ళలోకి కుదిస్తారు. 2018లో వచ్చిన ఈఎస్‌ఆర్‌గాన్‌కి 2021లో తయారైన మెరుగైన రూపం ఇది. అంచులు అప్పటికే పదునుగా ఉంటాయి కాబట్టి 0.3, 0.4 సరిపోతుంది. ఎంచుకున్న బొమ్మను పోగొట్టుకోకూడదనుకున్నప్పుడు ఈ దారే మంచిది. Latent దారి మాత్రం చిన్న బొమ్మలో లేని కొత్త వివరాలు కావాలనుకునే ఊహాచిత్రాలకు పనికొస్తుంది.

ఖర్చు సంగతికొస్తే, రెండింతలు అన్న మాట మోసం చేస్తుంది. అడ్డం రెండింతలు, నిలువు రెండింతలు, మొత్తం నాలుగింతలు. 512, 768 బొమ్మకి 6,144 గళ్ళు ఉంటే 1024, 1536 బొమ్మకి 24,576 గళ్ళు. ఇక మోడల్ లోపల ప్రతి గడీ మిగతా ప్రతి గడితో పోల్చుకునే పని ఒకటుంది. అక్కడ నాలుగింతలు పదహారింతలవుతుంది. తక్కువ మెమరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డు రెండో విడతలో ఆగిపోవడానికి కారణం ఇదే. ఒక్కోసారి అడుగులన్నీ పూర్తయ్యాక, గళ్ళను పిక్సెళ్ళుగా విప్పే ఆఖరి క్షణంలో కూడా మెమరీ చాలక ఆగుతుంది. రెండింతలకు బదులు 1.5 పెడితే గళ్ళు 2.25 రెట్లే పెరుగుతాయి. చాలా బొమ్మలకి అది చాలు కూడా.

తప్పు ఎక్కడ జరిగిందో కనిపెట్టాలంటే రెండు బొమ్మలూ పక్కపక్కన ఉండాలి. హైరెస్ ఫిక్స్‌కి ముందున్న చిన్న బొమ్మను కూడా దాచమని ఆటోమేటిక్1111 సెట్టింగుల్లో చెప్పవచ్చు. అది తప్పకుండా చేసుకోవాలి. పెద్ద బొమ్మలో జాలరికి ఆరో వేలు ఉందనుకోండి. చిన్న బొమ్మలో కూడా ఆ చేయి ముద్దగా, ఆరు వేళ్ళున్నట్టే ఉంటే తప్పు మొదటి విడతది. ఎంత డీనాయిజింగ్ పెట్టినా ప్రయోజనం లేదు, సీడ్ మార్చాలి లేదా చేయి వరకే తర్వాత దిద్దాలి. చిన్న బొమ్మలో అయిదు వేళ్ళే ఉండి పెద్దదానిలో ఆరు వస్తే తప్పు రెండో విడతది. 0.4ని 0.33కో 0.3కో తగ్గించాలి. చిన్న బొమ్మలో ఇసుక ఇసుకలా ఉండి, పెద్దదానిలో గులకరాళ్ళ మధ్య చిన్న చిన్న మొహాలు తొంగిచూస్తుంటే అదీ ఎక్కువ డీనాయిజింగ్ లక్షణమే. ‘ముసలి జాలరి’ అన్న ప్రాంప్టును మోడల్ ఖాళీగా కనిపించిన ప్రతి చోటా నెరవేర్చబోతోందన్నమాట.

రెండింతల తర్వాత ఇంకా పెంచాలంటే ఇబ్బంది వేరే రూపంలో వస్తుంది. 1024, 1536 బొమ్మను అచ్చులో అంగుళానికి 300 చుక్కల చొప్పున వేస్తే వచ్చేది సుమారు 8.7 సెంటీమీటర్ల వెడల్పు, 13 సెంటీమీటర్ల ఎత్తు. పత్రికలో ఒక మూలకి సరిపోతుంది, ముఖచిత్రానికి చాలదు. అప్పుడు బొమ్మను పలకలుగా కోసి, ఒక్కో పలకను విడిగా మోడల్‌కిచ్చి, తిరిగి అతికించే పద్ధతులు వాడతారు. ప్రతి పలకకీ అదే ప్రాంప్టు వెళ్తుంది కాబట్టి, ఒట్టి ఆకాశమున్న పలకలో కూడా మోడల్ జాలరి కోసం వెతుకుతుంది. అందుకే అక్కడ డీనాయిజింగ్‌ని ఇంకా తగ్గించి 0.2, 0.3 మధ్య ఉంచుతారు. ప్రాంప్టులో మనిషి ప్రస్తావన తీసేసి ‘సహజమైన చర్మం, నూలు వల, తడి ఇసుక’ లాంటి మాటలే మిగల్చడమూ మేలు చేస్తుంది.

2023 జులైలో వచ్చిన ఎస్‌డీఎక్స్ఎల్ 1024 పిక్సెళ్ళకు శిక్షణ పొందింది. దానితో నేరుగా 1024 దగ్గర మొదలుపెట్టవచ్చు. హద్దు జరిగిందే తప్ప పోలేదు. 2048 ఒక్కసారిగా అడిగితే అదీ మనుషుల్ని రెట్టింపు చేస్తుంది, 1024లో వేయించి 1.5 రెట్లు పెంచితే నిలకడగా ఉంటుంది. ఏ మోడల్ తీసుకున్నా ముందు తెలుసుకోవాల్సింది అది ఏ కొలతలో చదువుకుందో. మొదటి విడత కొలత అక్కడికి దగ్గరగా ఉండాలి.

ఇంకో విషయం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఈ పొరపాటు ఇళ్ళలో జరుగుతోంది. హైరెస్ ఫిక్స్‌లోని రెండో విడతనే విడిగా తీసి, తాతగారి పాత ఫోటోని పెద్దది చేయడానికి వాడేవారున్నారు. ఫలితం స్పష్టంగా వస్తుంది, కళ్ళలో మెరుపు కూడా ఉంటుంది. కానీ ఆ కళ్ళు తాతగారివి కావు. చిన్న ఫోటోలో నాలుగు పిక్సెళ్ళుగా మిగిలిన కంటిని నాయిజ్‌లో ముంచి, ఎక్కడెక్కడి మొహాల నుంచో నేర్చుకున్న అలవాటుతో మోడల్ కొత్త కన్ను గీసింది. ఊహించి గీసిన జాలరికి అది మేలు, ఎందుకంటే అతనికి అసలు మొహమంటూ లేదు. బతికిన మనిషి ఫోటోకి అది అన్యాయం. 0.15 దగ్గర కూడా పెదవుల వంపు, కనుబొమ్మల మధ్య దూరం కొద్దిగా జరగవచ్చు. ఆ మనిషిని తెలిసినవాళ్ళు చూస్తే ‘ఎక్కడో ఏదో తేడాగా ఉందే’ అంటారు. అలాంటి ఫోటోలకు నాయిజ్ కలపని మామూలు సాగదీతే వాడాలి, పాత ప్రింటు చేతిలో ఉంటే దాన్నే ఎక్కువ రిజల్యూషన్‌లో మళ్ళీ స్కాన్ చేయించాలి.